కొత్త కోశాధికారికి: అంచనా, బడ్జెటు, తాజా అంచనా, వాస్తవ వ్యయం
(ఉపన్యాస పాఠం)



జీర్ణోద్ధరణ కార్యమునకు పూనుకొన్న ప్రతి ఊరిలోనూ ఎవరో ఒకరిని కోశాధికారిగా ఎన్నుకుంటారు. ఆ వ్యక్తి సాధారణంగా ఉపాధ్యాయుడో, విశ్రాంత ఉద్యోగియో, చిన్న వ్యాపారియో, గృహిణియో అయి ఉంటారు. నిజాయితీకి పేరున్నవారు కనుకనే ఆ పదవి వారిని వరిస్తుంది గాని, లెక్కల శాస్త్రం చదువుకున్నందువల్ల కాదు. ఆ బాధ్యతను మొదటిసారిగా స్వీకరించిన మిమ్ములను ఉద్దేశించే ఈ నాలుగు మాటలు చెప్పదలచాను. రసీదులు వ్రాయడం, ఓచర్లు భద్రపరచడం, బ్యాంకు పుస్తకంతో చిట్టాను సరిచూడడం మీకు ఎవరైనా నేర్పగలరు. నేను చెప్పబోయేది వాటికంటె ముందు తెలియవలసిన విషయం. ఒకే పనికి నాలుగు వేరువేరు మొత్తాలు ఉంటాయి. ఆ నాలుగింటినీ ఒకదానితో ఒకటి కలిపివేయకుండా ఉంచడమే కోశాధికారి పనిలో సగభాగం.

మన తెలుగులో ఒక చిక్కు ఉన్నది. "అంచనా" అనే ఒక్క మాటను మూడు అర్థాలలో వాడుతున్నాము. మేస్త్రీ కొలతలు వేసి చెప్పే ధరా అంచనాయే. సర్వసభ్య సమావేశం ఆమోదించిన మొత్తాన్నీ పత్రికలు బడ్జెటు అంచనా అంటాయి. పని సగంలో ఉండగా చివరికి ఎంత అవుతుందో లెక్కవేసి చెప్పేదీ సవరించిన అంచనాయే. ఇక సమావేశంలో ఒక దాత లేచి "ప్రాకారపు రాతిపనికి అంచనా ఎంత?" అని అడిగితే, మేస్త్రీ 9,60,000 అంటాడు, కార్యదర్శి 10,00,000 అంటారు, పని పర్యవేక్షించే సభ్యుడు 11,38,000 అంటారు. ముగ్గురూ నిజమే చెప్పారు. కాని విన్నవారికి మాత్రం ఎక్కడో డబ్బు దారి తప్పిందన్న సందేహం కలుగుతుంది. అనేక సంఘాల లెక్కలు చూచిన అనుభవంతో చెబుతున్నాను: అపహరణ జరిగిన చోట్ల కంటె, ఈ మాటల తారుమారు వల్ల మంచివారి మీద నింద పడిన చోట్లే ఎక్కువ.

అందుచేత ఈ ప్రసంగం వరకు నాలుగు పేర్లు స్థిరపరచుకుందాము. పని మొదలు కాకముందు దాని ధర ఎంత ఉండవచ్చునో లెక్కకట్టేది "పని అంచనా". ఎస్టిమేటు అని మీరు వినే మాట ఇదే. ఎంతవరకు ఖర్చు చేయవచ్చునో సభ వారు తీర్మానించి ఇచ్చిన అనుమతి "బడ్జెటు". ఈనాడు తెలిసిన సంగతులను బట్టి చివరకు ఎక్కడ తేలతామో చెప్పేది "తాజా అంచనా". కార్యాలయాలలో ఫోర్‌కాస్టు అంటారు. బిల్లు, ఓచరు సాక్షిగా నిజంగా అయిన ఖర్చు "వాస్తవ వ్యయం". ఒక మధ్యతరహా గ్రామ దేవాలయాన్ని ఊహించుకొని ఈ నాలుగింటినీ నడిపించి చూపుతాను. ఇది ఏ ఒక్క ఆలయపు లెక్కయు కాదు. ఇందులోని ధరలు ఉదాహరణకు తీసుకొన్నవే. ఊరినిబట్టి, రాతినిబట్టి అవి మారుతాయి.

ముందుగా పని అంచనా. ప్రాకారంలో పాత బండలు తీసి గ్రానైటు పలకలు పరచాలి. మేస్త్రీ వచ్చి టేపు పట్టి కొలిచాడు. స్థలం 4,000 చదరపు అడుగులు. పలక ధర చదరపు అడుగుకు 160 రూపాయలు, పరచే కూలి 80 రూపాయలు; కలిపి 240. మొత్తం 9,60,000 రూపాయలు. ఇది వినడానికి ఖచ్చితమైన అంకెవలె ఉన్నది. కాని దీని వెనుక ఎన్ని షరతులున్నాయో చూడండి. పలకలను మూలలకు, స్తంభాల చుట్టూ కోయవలసి వచ్చినప్పుడు పోయే తరుగు ఇందులో లేదు. రవాణా, పన్ను ధరలో చేరి ఉన్నాయో లేవో చెప్పలేదు. బండలు తీసిన తరువాత అడుగున నేల గట్టిగా ఉంటుందని మేస్త్రీ అనుకున్నాడు గాని, తవ్వి చూడలేదు. కనుక పని అంచనా కాగితం మీ చేతికి వచ్చినప్పుడు చివరి మొత్తాన్ని చూడడానికి ముందు, కొలతలు ఉన్నాయా, రేటు విడిగా వ్రాశారా, ఏ తేదీనాటి ధర, ఏవి ఇందులో చేరలేదు అని చూడండి. ఈ నాలుగూ లేని కాగితం అంచనా కాదు. నోటిమాటను కాగితం మీద పెట్టడం మాత్రమే.

ఇక్కడే మరొక తేడా చెప్పవలెను. అంచనా వేరు, కొటేషను వేరు. అంచనా ఇచ్చినవాడు ఆ ధరకే పని చేస్తానని మాట ఇవ్వలేదు. కొటేషను ఇచ్చినవాడు, దాని మీద వ్రాసిన గడువు లోపల మీరు అంగీకరిస్తే, ఆ ధరకు కట్టుబడతాడు. కొత్త కోశాధికారులు అనేకులు అంచనా కాగితం చూచి, అది కొటేషను అనుకొని ధైర్యంగా ఉంటారు.

ధర తేదీ ఎంత ముఖ్యమో తెలియడానికి మనమందరం పత్రికలలో చదివిన ఒక ఉదాహరణ చాలును. పోలవరం ప్రాజెక్టు అంచనా 2010-11 ధరల ప్రకారం 16,010.45 కోట్ల రూపాయలు. 2017-18 ధరల ప్రకారం సవరించిన అంచనాను కేంద్ర సాంకేతిక సలహా సంఘం 2019లో 55,548.87 కోట్లకు అంగీకరించింది. దాని మీద జరిగిన రాజకీయ చర్చ జోలికి నేను పోను. ఆ రెండు అంకెలకూ ముందు "ఫలానా సంవత్సరపు ధరల ప్రకారం" అన్న మాట ఎందుకు అతికించి ఉంటుందో గమనించండి. మధ్యలో ధరలు మారాయి, భూసేకరణ, పునరావాసం ఖర్చులు బాగా పెరిగాయి. ఆ మాట తీసివేస్తే రెండు అంకెలూ అర్థరహితాలు. అంత పెద్ద ప్రాజెక్టుకు ఉన్న ఈ నియమం మన 4,000 చదరపు అడుగుల రాతిపనికీ ఉన్నది. క్రిందటి సంవత్సరపు ఉగాదికి వేయించిన అంచనాను ఈ కార్తికంలో పని మొదలు పెట్టేటప్పుడు మరల సరిచూడక తప్పదు.

ఇక బడ్జెటు. మేస్త్రీ 9,60,000 అన్నాడు. కార్యవర్గం కూర్చుని ఆలోచించి, రాతిపనికి 10,00,000 కేటాయించింది. ముఖమండపం కప్పు మరమ్మతుకు 12,50,000, గోపురం సుధాపనికీ రంగులకూ 7,00,000, మూడు దినముల కుంభాభిషేక మహోత్సవానికి 6,00,000, ఊహించని ఖర్చులకు 2,50,000 నిర్ణయించింది. మొత్తం 38,00,000. సర్వసభ్య సమావేశం ఆమోదించి, తీర్మానాల పుస్తకంలో వ్రాసి సంతకాలు చేసింది. ఆ సంతకాలు పడిన క్షణంలో ఆ అంకెల స్వభావమే మారిపోయింది. అంచనా అనేది ఒకరి అభిప్రాయం. బడ్జెటు అనేది సభ వారి ఆజ్ఞ. రాతిపనికి పది లక్షలవరకు ఖర్చు చేయడానికి మీకు అధికారం ఇచ్చారు. దానిని మించి ఒక్క రూపాయి చెల్లించడానికి అధికారం ఇవ్వలేదు.

దీనినుండి రెండు సంగతులు వస్తాయి. ఒకటి, బడ్జెటులో ఉన్నంత మాత్రాన ఆ సొమ్ము మీ దగ్గర ఉన్నట్లు కాదు. తిరుమల తిరుపతి దేవస్థానముల పాలకమండలి 2024-25 సంవత్సరానికి 5,141.74 కోట్ల బడ్జెటును ఆమోదించింది అని వార్త వచ్చినప్పుడు, అది ఆ సంవత్సరంలో రాగలదనీ పోగలదనీ తలచిన మొత్తమే గాని, ఆనాడు పెట్టెలో ఉన్న ధనం కాదు. రెండవది, కోశాధికారి ఒక్కరే బడ్జెటును మార్చలేరు. అధ్యక్షుడు ఫోను చేసి చెప్పినా మార్చలేరు. ఎవరు ఆమోదించారో వారే మార్చవలెను. మీ ఆలయం దేవాదాయ శాఖ పరిధిలో ఉన్నట్లయితే, 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం బడ్జెటును అధికారుల ఆమోదానికి పంపవలసి ఉంటుంది కనుక, కార్యవర్గం తీర్మానం ఒక్కటే చాలదు.

ఊహించని ఖర్చుల పద్దును చూచి కొందరు దాతలు "ఇది ఎందుకు? ఏదో దాచుకోవడానికా?" అంటారు. వారికి మీరు నెమ్మదిగా చెప్పవలసిన జవాబు ఉన్నది. పాత కట్టడాన్ని తాకే పనిలో, లోపల ఏమున్నదో తెరిచి చూచేవరకు ఎవరికీ తెలియదు. ఆ తెలియనితనానికి ముందే ఒక హద్దు పెట్టి, దానిని వాడుకోవడానికి మరల తీర్మానం కావాలని నియమించడమే ఆ పద్దు. మేస్త్రీ అంచనాలోనే రహస్యంగా పది శాతం కలిపి వ్రాయడం కంటె ఇది గౌరవప్రదమైన పద్ధతి.

వాస్తవ వ్యయం తేలికైనదని అందరూ అనుకుంటారు. చిట్టాలో వ్రాసిందే గదా అంటారు. కాని చిట్టాలోనుండి సొమ్ము బయటకు పోవడం, ఖర్చు కావడం ఒకటి కాదు. గోపురం పనికి స్థపతికి 2,00,000 బయానా ఇచ్చారనుకోండి. పని ఇంకా మొదలు కాలేదు. ఆ రెండు లక్షలు ఖర్చు కాదు. స్థపతి పేరిట మీకు రావలసిన పని. ఆవర్జాలో ఆయన పేరు మీద బయానాగానే నిలిపి ఉంచి, ఆయన పని చేసి బిల్లు ఇచ్చినప్పుడు దానిలో తగ్గించుకోవలెను. దీనికి విరుద్ధమైనదీ ఉన్నది. పలకల లారీ వచ్చి దిగిపోయింది, బిల్లు మీ బల్ల మీద ఉన్నది, డబ్బు ఇంకా ఇవ్వలేదు. చిట్టాలో ఆ మొత్తం కనబడదు. కాని అది మీ అప్పు. ఈ రెండూ పట్టించుకోకుండా నెలాఖరుకు "ఇంత ఖర్చయింది" అని చదివితే, ఆ అంకె చిట్టాకు సరిపోతుంది గాని పనికి సరిపోదు.

వస్తురూపంలో వచ్చిన విరాళాల విషయంలో చాలామంది పొరబడతారు. ఒక భక్తుడు వంద బస్తాల సిమెంటు పంపించాడు. డబ్బు రాలేదు, డబ్బు పోలేదు కనుక చిట్టాలో ఏమీ వ్రాయలేదు. సంవత్సరం తరువాత లెక్క చూచినవారికి మండపపు కప్పు చవకగా అయినట్లు కనబడుతుంది. పొరుగూరివారు వచ్చి మీ లెక్క చూచి తమ బడ్జెటు వేసుకుంటే మోసపోతారు. ఆనాటి ధరకు విలువ కట్టి, విరాళంగా ఒక వైపు, సిమెంటు ఖర్చుగా మరొక వైపు వ్రాయండి. దాత పేరూ నిలుస్తుంది, పని అసలు విలువా నిలుస్తుంది.

ఇప్పుడు తాజా అంచనాకు వద్దాము. ఈ నాలుగింటిలో కొత్తవారికి అలవాటు లేనిది ఇదే. నిజానికి మీ సంఘాన్ని కాపాడేదీ ఇదే.

పని మొదలై నాలుగు నెలలు అయినది. రాతిపని క్రింద మీరు ఇంతవరకు చెల్లించినది 5,40,000 రూపాయలు. బడ్జెటు 10,00,000. "ఇంకా 4,60,000 మిగులున్నది" అని సమావేశంలో చదివారు. అందరూ సంతోషించారు. ఇది చిన్న పొరపాటు కాదు. బడ్జెటులోనుండి చెల్లింపులను తీసివేస్తే వచ్చేది, మీకు ఇంకా ఎంత ఖర్చు చేయడానికి అనుమతి ఉన్నదన్నది మాత్రమే. ఇంకా ఎంత ఖర్చు కావలసి ఉన్నదన్నది దానివల్ల తెలియదు. అది తెలియాలంటే కాగితాల గది విడిచి ప్రాకారంలోకి వెళ్లవలెను.

వెళ్లి చూడండి. ఇంతవరకు పరచినది 1,750 చదరపు అడుగులు. ఆ కూలి 1,40,000 చెల్లించారు. డబ్బు చెల్లించి తెచ్చిన పలకలు 2,500 చదరపు అడుగులు, దానికి 4,00,000. రెండూ కలిపితే మీ చిట్టాలోని 5,40,000 వస్తుంది. మరొక 800 అడుగుల పలకలు దిగి ఉన్నాయి, బిల్లు బాకీ, అది 1,28,000. మేస్త్రీని అడిగితే కోతల తరుగు వల్ల మొత్తం 4,300 అడుగుల పలకలు కావలెనని ఇప్పుడు తెలిసింది, కనుక ఇంకా 1,000 అడుగులు తెప్పించాలి; అది 1,60,000. పరచవలసిన స్థలం 2,250 అడుగులు మిగిలింది. దాని కూలి 1,80,000. ఇక ఉత్తరపు వైపు పాత బండలు తీసినప్పుడు నేల క్రుంగి ఉన్నట్లు బయటపడింది. అక్కడ దాదాపు 2,000 అడుగుల మేర కాంక్రీటు బెడ్డు వేయనిదే పలకలు నిలువవు. అడుగుకు 65 రూపాయల చొప్పున 1,30,000.

ఈ మిగిలిన పద్దులు నాలుగూ కలిపితే 5,98,000. చెల్లించిన 5,40,000 దీనికి చేర్చండి. తాజా అంచనా 11,38,000. బడ్జెటుకంటె 1,38,000 అధికం. నాలుగున్నర లక్షలు మిగులున్నదని సంతోషించిన చోట నిజానికి లక్షా ముప్పది ఎనిమిది వేలు తక్కువ పడుతున్నది. ఈ మాట ఇంకా 2,250 అడుగుల పని మిగిలి ఉండగా చెబితే సభ వారికి దారులు ఉన్నాయి: ఊహించని ఖర్చుల పద్దునుండి మార్చవచ్చును, ఉత్తరపు వైపు మరొక సంవత్సరానికి వాయిదా వేయవచ్చును, ఒక దాతను ప్రత్యేకంగా అడగవచ్చును. కుంభాభిషేకానికి వారం ముందు చెబితే అప్పు చేయడం తప్ప దారి లేదు.

తాజా అంచనా కట్టే పద్ధతి ఇంతే. ఇప్పటివరకు అయినది, ఇవ్వవలసిన బాకీ, ఇంకా చేయవలసిన పనికి ఈనాటి ధరలో అయ్యేది, ఈ మూడింటినీ కూడండి. బయానా ఇచ్చి ఉంటే రాబోయే బిల్లులో దానిని తగ్గించండి, లేకపోతే రెండుసార్లు లెక్కకు వస్తుంది. బడ్జెటు అంకె ఈ కూడికలో ఎక్కడా లేదని గమనించారా? ఉండకూడదు. చాలామంది కోశాధికారులు ఇంకా కావలసిన ఖర్చు దగ్గర బడ్జెటులో మిగిలిన మొత్తాన్నే వ్రాసివేస్తారు. అప్పుడు తాజా అంచనా ప్రతి నెలా బడ్జెటుతో సరిగ్గా సమానంగా వస్తుంది. ఎవరి నివేదికలోనైనా నెల తరువాత నెల ఈ రెండూ పైసాతో సహా ఒకటిగా ఉంటే, వారు పని దగ్గరకు వెళ్లలేదని తెలుసుకోండి.

లెక్క తేలిన తరువాత కొందరు తొందరపడి బడ్జెటు వరుసలోని 10,00,000 కొట్టివేసి 11,38,000 వ్రాస్తారు. మంచి ఉద్దేశంతోనే చేస్తారు. దానివల్ల పట్టిక చూడడానికి చక్కగా ఉంటుంది, పెచ్చు ఖర్చు మాయమవుతుంది. దానితోపాటు సభ వారు ఏమి అనుమతించారన్న సాక్ష్యమూ మాయమవుతుంది. మీరు చేయవలసినది వేరు. తాజా అంచనాను కార్యవర్గం ముందు పెట్టండి. వారు సమ్మతిస్తే ఊహించని ఖర్చుల పద్దునుండి 1,38,000 రాతిపనికి మార్చుతూ తీర్మానం చేయించండి. బడ్జెటు పట్టికలో మొదటి అంకె అలాగే ఉంచి, దాని ప్రక్కన మరొక వరుసలో తీర్మానం తేదీతో సవరించిన కేటాయింపు వ్రాయండి. ఊహించని ఖర్చుల పద్దులో ఇక 1,12,000 మిగులుతుంది. ప్రభుత్వ బడ్జెటు పత్రాలలో గడచిన సంవత్సరపు వాస్తవాలు, నడుస్తున్న సంవత్సరపు బడ్జెటు అంచనా, సవరించిన అంచనా, రాబోయే సంవత్సరపు బడ్జెటు అంచనా ప్రక్కప్రక్క వరుసలలో ముద్రించేది ఇందుకే. ఒకదానిని చెరిపి మరొకటి వ్రాయరు.

ఖర్చు వైపు ఇంత శ్రద్ధ చూపేవారు కూడ ఆదాయం వైపు వచ్చేసరికి మెత్తబడతారు. దాత మాటను శంకించడం మర్యాద కాదన్న సంకోచం మనవారిలో సహజం. కాని మాట ఇవ్వడం ఒకటి, రసీదు కోయడం మరొకటి. 38 లక్షలు వస్తాయని బడ్జెటు వేసుకున్నారు. నాలుగవ నెలాఖరుకు రసీదు కోసినది 22 లక్షలు. మాట ఇచ్చి ఇంకా పంపనివారివి 11 లక్షలు. వీటిని ఒకే రాశిగా చూడకండి. ఫలానా నెలలో ఫలానా వాయిదా పంపుతానని వ్రాసి ఇచ్చినవారివి 6 లక్షలు; సభలో చేయి ఎత్తి చెప్పి మరల కనబడనివారివి 5 లక్షలు. మొదటిది తాజా అంచనాలో చేర్చండి. రెండవదానిని అంచనాలో కలపకుండా, ప్రక్కన విడిగా చూపండి. హుండీ, సేవల ద్వారా కుంభాభిషేకంలోపు 3 లక్షలు రాగలవనుకుంటే, ఆదాయపు తాజా అంచనా 31 లక్షలు.

ఖర్చు వైపు, ముఖమండపం 12,30,000కు పూర్తి అయినదనుకోండి. రాతిపని 11,38,000, గోపురం, మహోత్సవం బడ్జెటు ప్రకారమే, ఊహించని ఖర్చులలో మిగిలిన 1,12,000, మొత్తం 37,80,000. అనగా 6,80,000 లోటు. చేయి ఎత్తినవారందరూ ఇచ్చినా ఇంకా 1,80,000 లోటు ఉన్నది. ఈ ఒక్క వాక్యం కార్యవర్గం ముందు చదవడానికే కోశాధికారికి ధైర్యం కావలెను. "స్వామి కార్యం, ఆగదు" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. వారిని గౌరవించండి, ఆ మొత్తాన్ని మాత్రం మార్చకండి. గోపురపు రంగుల పనికి ఇంకా ఒప్పందం చేసుకోకపోయి ఉంటే, ఏమి ఆపవలెనో, ఎవరిని ఆశ్రయించవలెనో నిర్ణయించవలసినది కార్యవర్గం. దానికి కావలసిన అంకెను సకాలంలో ఇవ్వవలసినది మీరు.

మొత్తాలు సరిపోయినా నెలలు సరిపోకపోవచ్చును. మహోత్సవపు ఆరు లక్షలు ఋత్విక్కుల సంభావనలకు, యాగశాలకు, అన్నదానానికి దాదాపు ఒకే వారంలో కావలసి వస్తాయి. పంట చేతికి వచ్చిన తరువాత ఇస్తామన్న రైతు విరాళం, విదేశంలో ఉన్న కుటుంబం సెలవులకు వచ్చినప్పుడు ఇస్తామన్నది, ఆ వారం దాటిన తరువాత రావచ్చును. కనుక తాజా అంచనాను నెలల వారీగా, చివరి నెలను వారాల వారీగా వ్రాసుకోవడం మంచిది.

పని పూర్తి అయిన తరువాత ఒక లెక్క మిగిలి ఉంటుంది. దానిని చాలామంది వేయరు. మన రాతిపని చివరకు 11,52,000 అయినదనుకోండి. తాజా అంచనాకంటె 14,000 ఎక్కువ. క్రుంగిన నేల 2,000 కాక 2,200 అడుగులు తేలింది, దానివల్ల 13,000. పలకలు దించిన హమాలీ కూలి 1,000. ఆ 14,000కు కూడ తీర్మానం ఉండవలెను. ఇప్పుడు మేస్త్రీ మొదటి అంచనా 9,60,000తో పోల్చి చూడండి. తేడా 1,92,000. దానిని "ధరలు పెరిగాయి" అని ఒక్క మాటలో తేల్చివేయడం మన అలవాటు. నిజానికి పలక ధరా పెరగలేదు, కూలీ పెరగలేదు. తరుగు 300 అడుగులకు 48,000, బెడ్డు కాంక్రీటుకు 1,43,000, హమాలీ 1,000. అనగా తేడాలో నాలుగింట మూడు వంతులు నేల తవ్వి చూడకపోవడం వల్లనే వచ్చింది. వచ్చే సంవత్సరం కోనేటి మెట్ల పని చేపట్టేటప్పుడు అంచనా వేయకముందే రెండు మూడు చోట్ల గొయ్యి తవ్వించి చూడవలెనని ఈ పట్టిక మీకు చెబుతుంది. తేడా మొత్తాన్ని కాక, తేడా కారణాన్ని వ్రాసి పెట్టినప్పుడే అది సాధ్యం.

దాతలకు ఇచ్చే తుది నివేదికలో ప్రతి పనికీ నాలుగు వరుసలు చూపండి: పని అంచనా దాని తేదీతో, మొదటి బడ్జెటు తీర్మానం తేదీతో, సవరించిన కేటాయింపు దాని తీర్మానం తేదీతో, వాస్తవ వ్యయం. తాజా అంచనాలు నెలనెలా వేసినవి కనుక వాటిని నివేదికలో ముద్రించనవసరం లేదు. కాని ఆ కాగితాలను తేదీల వరుసలో ఒక ఫైలులో ఉంచి, తీర్మానాల పుస్తకంతోపాటు మీ తరువాత వచ్చే కోశాధికారికి అప్పగించండి. వాస్తవ వ్యయపు వరుసలో అన్నీ సున్నాలతో ముగిసే గుండ్రని అంకెలు కనబడితే చదువరులు ప్రశ్నిస్తారు, ప్రశ్నించవలెను కూడ. బిల్లులు కూడితే వచ్చే మొత్తం అంత గుండ్రంగా రావడం అరుదు. బాకీ ఉన్న బిల్లులు, ఇంకా సర్దుబాటు కాని బయానాలు ఏమైనా ఉంటే అవి నివేదిక అడుగున పేర్లతో సహా వ్రాసి, ఆ నివేదిక మీద కార్యదర్శి సంతకంతోపాటు మీ సంతకం కూడ చేయండి.